అడ్రస్ ఉంది, దారి లేదు

జులై చివరి వారం. ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడి, ఆడిటర్ల ఆఫీసుల్లో రాత్రి పదకొండు దాటినా లైట్లు ఆరని రోజులు. పొద్దున్నే ఏడింటికి విజయవాడ నుంచి ఒక ఆడిటర్ గారు ఫోన్ చేశారు. వాళ్ల ఆఫీసు నెట్‌వర్క్ చూసేవాళ్లు వేరే ఉన్నారు. నాతో పాత పరిచయం కొద్దీ అడిగారు.

"ఇంటి దగ్గర్నుంచి ఆఫీసు సర్వర్ తెరుచుకోవడం లేదండీ. నిన్న సాయంత్రం వరకూ బాగానే ఉంది. ఆఫీసులో పిల్లలేమో ఇంటర్నెట్ శుభ్రంగా వస్తోంది అంటున్నారు. నాకేం అర్థం కావడం లేదు."

ఆఫీసులో ఇరవై రెండు కంప్యూటర్లు, ఒక సర్వర్, ఒక రూటర్, అన్నిటినీ కలిపే ఒక స్విచ్. అంతకు మించి ఏమీ లేదు. ముందు రోజు సాయంత్రం ఒక టెక్నీషియన్ వచ్చి చిక్కుపడిన కేబుళ్లు సర్ది, అంతా పనిచేస్తోందని అందరి ముందూ చూపించి, తొమ్మిదింటికి వెళ్లిపోయాడు. ఆ కుర్రాడు అబద్ధం ఆడలేదు. తొమ్మిదింటికి నిజంగానే అంతా పనిచేసింది. తొమ్మిదిన్నర లోపు సర్వర్‌కి బయటి దారి మూసుకుపోయింది. ఈ అరగంటలో ఏం జరిగిందో తెలిస్తే, కొత్త తరం ఇంటర్నెట్ పాత దానికంటే ఎక్కడ వేరుగా నడుస్తుందో తెలిసినట్టే.

మన కంప్యూటర్లు, ఫోన్లు ఇప్పుడు రెండు రకాల అడ్రసులతో బతుకుతున్నాయి. పాతది ఐపీవీ4. అందులో ఉన్నవి మొత్తం 429 కోట్ల చిల్లర అడ్రసులు. అవి చాలక చాలామంది ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పాత అడ్రస్‌ని అనేకమంది కస్టమర్లకు ఉమ్మడిగా పంచుతున్నాయి. ఉమ్మడి అడ్రస్ మీద లోపలి నుంచి బయటికి వెళ్లడం సులువే కానీ, బయటి నుంచి ఫలానా ఆఫీసులోని ఫలానా సర్వర్‌ని వెతుక్కుంటూ రావడం కుదరదు. ఆడిటర్ గారి ఆఫీసుదీ అదే పరిస్థితి. అందుకే ఇంటి నుంచి సర్వర్‌ని చేరడానికి కొత్త రకాన్ని, అంటే ఐపీవీ6ని వాడుకున్నారు. అందులో ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ ఉంటుంది. ఆయన మొబైల్ నెట్‌లోనూ ఐపీవీ6 ఉంది కాబట్టి ఇంట్లోంచి నేరుగా సర్వర్ తలుపు తట్టేవారు.

ఆఫీసులో ఎవరికీ ఇబ్బంది తెలియకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. వాళ్ల కంప్యూటర్లకు ఐపీవీ6 దారి పోయింది, ఐపీవీ4 దారి మిగిలింది. ఒక వెబ్‌సైట్‌కి వెళ్లాలంటే కంప్యూటర్ ముందుగా ఏ రకం అడ్రస్‌కి దారి ఉందో చూసుకుంటుంది. ఐపీవీ6కి దారే లేదని తెలియగానే క్షణం ఆలస్యం చేయకుండా పాత దారిన వెళ్లిపోతుంది. అందుకే తెర మీద ఏ హెచ్చరికా రాదు, పేజీ నెమ్మదించదు. కొత్త అడ్రస్ మీదే ఆధారపడిన ఒకే ఒక్క పని, ఆడిటర్ గారి పని, ఆగిపోయింది.

ఆఫీసు దగ్గరే ఉన్న ఒక అబ్బాయి చేత సర్వర్ ముందు కూర్చోబెట్టి, మొదట అడ్రస్ చూడమన్నాను. తర్వాత దారుల పట్టిక. ఆఫీసు అసలు అడ్రసు బదులు, ఉదాహరణల కోసం ప్రత్యేకంగా కేటాయించిన అంకెలు ఇక్కడ పెడుతున్నాను.

```
$ ip -6 addr show dev eth0
    inet6 2001:db8:40:1::10/64 scope global
    inet6 fe80::20c:29ff:fe4a:7b10/64 scope link

$ ip -6 route show
2001:db8:40:1::/64 dev eth0 proto kernel metric 256
fe80::/64 dev eth0 proto kernel metric 256
```

మొదటి ఆదేశానికి వచ్చిన జవాబులో తప్పేమీ లేదు. `2001` తో మొదలయ్యే అడ్రస్ ప్రపంచమంతటా చెల్లేది. `fe80` తో మొదలయ్యేది ఆ గదిలోని కేబుళ్ల వరకే చెల్లే లోకల్ అడ్రస్. ప్రతి ఐపీవీ6 పరికరమూ దాన్ని తనకు తానే తయారు చేసుకుంటుంది. చాలామంది ఇక్కడిదాకా చూసి, అడ్రస్ వచ్చింది కదా అని లేచిపోతారు. రోగం రెండో జవాబులో ఉంది. అందులో ఉన్న రెండు దారులూ ఆఫీసు లోపలివే. బయటి ప్రపంచం మొత్తానికీ దారి చూపే `default` అనే వరుస లేదు. ఆరోగ్యంగా ఉన్న సర్వర్‌లో ఇలాంటి వరుస ఒకటి కనిపించాలి:

```
default via fe80::1 dev eth0 proto ra metric 1024 expires 1743sec
```

ఈ ఒక్క వరుసలో మన కథంతా ఉంది. బయటికి వెళ్లేవన్నీ `fe80::1` అనే రూటర్ చేతికి ఇవ్వమంటోంది. ఆ సంగతి `ra` ద్వారా, అంటే రూటర్ స్వయంగా చేసిన ప్రకటన ద్వారా తెలిసిందంటోంది. ఆ మాటకి ఇంకా 1743 సెకన్లే ఆయుష్షు ఉందంటోంది.

పాత పద్ధతికి అలవాటు పడినవాళ్లు తడబడేది ఇక్కడే. ఐపీవీ4లో కంప్యూటర్ ఆన్ కాగానే డీహెచ్‌సీపీ సర్వర్‌ని అడుగుతుంది. ఆ సర్వర్ ఒకే చీటీ మీద అన్నీ రాసిస్తుంది: నీ అడ్రస్ ఇది, బయటికి వెళ్లాలంటే గేట్‌వే ఇది, పేర్లు విప్పాలంటే ఫలానా చోట అడుగు. అడ్రస్ వచ్చిందంటే దారి కూడా వచ్చినట్టే. అందుకే మనకి అడ్రస్ చూడగానే నమ్మకం కుదురుతుంది.

ఐపీవీ6లో ఆ చీటీని రెండుగా చించారు. కొత్త డీహెచ్‌సీపీ, అంటే డీహెచ్‌సీపీవీ6, అడ్రస్ ఇవ్వగలదు, పేర్ల సర్వర్ చెప్పగలదు. గేట్‌వే రాయడానికి మాత్రం దాని చీటీలో గడే లేదు. ఆ గడి చేర్చాలని ప్రతిపాదనలు వచ్చినా అవి ప్రమాణంగా నిలబడలేదు. దారి సంగతి చెప్పే హక్కు రూటర్‌కే ఉంచారు. మధ్యలో ఇంకెవరో "ఆ రూటర్ బతికే ఉంది, వెళ్లు" అని చెప్పడం కంటే, "నేనున్నాను" అని రూటరే చెప్పడం నమ్మదగ్గది. రూటర్ పోతే దాని గొంతూ ఆగుతుంది, కాసేపటికి దారి కూడా పట్టికలోంచి తొలగిపోతుంది. డీహెచ్‌సీపీ చీటీ అయితే రూటర్ చచ్చిపోయిన తర్వాత కూడా గంటల తరబడి దాని పేరే చెబుతూ ఉంటుంది.

ఊళ్లో దండోరా వేసినట్టు రూటర్ ఈ మాటని నెట్‌వర్క్ అంతటికీ చాటుతుంది. ఐపీవీ6లో నియంత్రణ సందేశాలన్నీ మోసే ఐసీఎంపీవీ6లో ఇది 134వ రకం. నెట్‌వర్క్‌లోని అందరికీ వినపడే `ff02::1` అనే ఉమ్మడి అడ్రస్‌కి పంపుతుంది. పద్ధతిని నిర్దేశించిన 2007 నాటి ఆర్ఎఫ్‌సీ 4861 ప్రకారం, ఎవరూ ఏమీ మార్చకపోతే 198 నుంచి 600 సెకన్ల మధ్య ఏదో ఒక క్షణాన ఈ చాటింపు వినపడుతుంది. ఒకసారి విన్న మాట 1800 సెకన్లు, అంటే సరిగ్గా అరగంట చెల్లుతుంది. ఆ లోపు మళ్లీ వినిపిస్తే ఆయుష్షు మళ్లీ 1800కి పెరుగుతుంది. కొత్తగా ఆన్ అయిన కంప్యూటర్ అంతసేపు ఎదురు చూడక్కర్లేదు. "ఇక్కడ రూటర్ ఎవరైనా ఉన్నారా" అని 133వ రకం సందేశంతో అడిగితే రూటర్ వెంటనే బదులిస్తుంది.

అడ్రస్‌కి ఉండే ఆయుష్షు వేరు. చేత్తో పెట్టిన అడ్రస్‌కి ఆయుష్షు లెక్కే లేదు. మన సర్వర్‌ది అదే. డీహెచ్‌సీపీవీ6 ఇచ్చిన అడ్రస్‌ని గడువు తీరేలోపు ఆ సర్వర్‌నే అడిగి పొడిగించుకోవచ్చు, దానికి రూటర్ చాటింపుతో పని లేదు. చాటింపులోని అంకెలు తీసుకుని పరికరం తనంతట తానే అల్లుకున్న అడ్రస్ కూడా మామూలు లెక్క ప్రకారం ముప్పై రోజులు చెల్లుతుంది. దారికి ముప్పై నిమిషాలు, అడ్రస్‌కి ముప్పై రోజులు. చాటింపు ఆగిపోతే అడ్రస్ నిక్షేపంగా ఉండగానే దారి పోవడానికి కారణం ఈ తేడాయే.

సరే, విజయవాడ ఆఫీసులో చాటింపు ఎందుకు ఆగింది? రూటర్ పాడైందా? సర్వర్ మీద నుంచి రూటర్‌ని పలకరించి చూడమన్నాను.

```
$ ping -6 fe80::1%eth0
```

జవాబు వెంటనే వచ్చింది. అంటే రూటర్ బతికే ఉంది, కేబుల్ బాగుంది, మధ్యలో స్విచ్ మామూలు సందేశాల్ని దాటిస్తోంది. తర్వాత ఆడిటర్ గారిని ఇంటి నుంచి మళ్లీ ప్రయత్నించమని, ఆ సమయంలో సర్వర్‌కి ఏమేం చేరుతున్నాయో `tcpdump` తో చూశాం. ఆయన అభ్యర్థన సర్వర్ దాకా వస్తోంది! బయటి నుంచి రూటర్‌కి, రూటర్ నుంచి సర్వర్‌కి చక్కగా చేరుతోంది. తలుపు తట్టిన చప్పుడు సర్వర్‌కి వినపడుతోంది. జవాబు పంపుదామంటే అది వెళ్లాల్సిన దారి పట్టికలో లేదు. అందుకే ఆయన తెర మీద తప్పు సందేశమైనా లేకుండా, చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సర్వర్ చేత "రూటర్ ఉందా" అని అడిగించాం.

```
$ rdisc6 eth0
Soliciting ff02::2 (ff02::2) on eth0...
Timed out.
Timed out.
Timed out.
No response.
```

పేరు పెట్టి పిలిస్తే పలికే రూటర్, ఎవరైనా రూటర్ ఉన్నారా అంటే పలకడం లేదు. దీనికి రెండే అర్థాలు. రూటర్ చాటడం మానేసి ఉండాలి, లేదా చాటింపుని దారిలో ఎవరో ఆపుతూ ఉండాలి. తేల్చుకోవడానికి ఒక ల్యాప్‌టాప్‌ని స్విచ్‌తో పని లేకుండా నేరుగా రూటర్‌లో ఖాళీగా ఉన్న పోర్టుకి కేబుల్‌తో కలిపి, అదే ఆదేశం ఇచ్చాం. జవాబు వెంటనే వచ్చింది. రూటర్ చాటుతూనే ఉంది. గొంతు నొక్కుతున్నది స్విచ్.

స్విచ్ అలా ఎందుకు చేస్తుంది? చెడ్డ ఉద్దేశంతో కాదు, కాపలా కోసం. చాటింపుకి సంతకం ఉండదు, రుజువు ఉండదు. నెట్‌వర్క్‌లో ఎవరు "నేనే రూటర్‌ని" అని అరిచినా మిగతావాళ్లు నమ్మేస్తారు. ఒక ఉద్యోగి తన ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ షేరింగ్ పొరపాటున ఆన్ చేసినా చాలు, ఆ ల్యాప్‌టాప్ రూటర్ వేషం కట్టి చాటింపు మొదలుపెట్టవచ్చు. అప్పుడు ఆఫీసు సందేశాలన్నీ దాని మీదకి మళ్లి, అక్కడే ఆగిపోతాయి. దురుద్దేశం ఉన్నవాడు అదే పని కావాలని చేసి, అందరి సందేశాలూ తన మీదుగా పోయేలా చేసుకోగలడు. దీన్ని అడ్డుకోవడానికే ఆర్ఏ గార్డ్ అనే ఏర్పాటు వచ్చింది. 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6105 దాన్ని వివరిస్తుంది. స్విచ్‌లో ఏ పోర్టుకి అసలైన రూటర్ కట్టి ఉందో ముందే చెప్పి పెడతాం. ఆ పోర్టు నుంచి వచ్చిన చాటింపుని స్విచ్ లోపలికి రానిస్తుంది. మిగతా పోర్టుల నుంచి వస్తే అక్కడికక్కడే పారేస్తుంది. పారేసేది చాటింపునే. డీహెచ్‌సీపీవీ6 సందేశాలు, పింగ్‌లు, ఫైళ్లు అన్నీ ఆ పోర్టులోంచి యథావిధిగా పోతాయి.

ఆ ఆఫీసు స్విచ్‌కి 24 పోర్టులు. ఎప్పుడో స్విచ్ బిగించినప్పుడు రూటర్ 24వ పోర్టులో ఉండేది, కాపలా నియమం కూడా దాన్నే నమ్మమని రాశారు. ముందు రోజు సాయంత్రం కేబుళ్లు సర్దుతూ టెక్నీషియన్ రూటర్ కేబుల్ తీసి 3వ పోర్టులో పెట్టాడు. పాత పద్ధతిలో ఏ పోర్టయినా ఒకటే కాబట్టి అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు. స్విచ్ దృష్టిలో మాత్రం 3వ పోర్టు ఒక మామూలు కంప్యూటర్ ఉండే చోటు. అక్కడి నుంచి ఎవరో రూటర్‌ని అంటున్నారు, కాబట్టి నోరు మూయించింది.

ఇక ఆ అరగంట లెక్క సరిపోతుంది. కేబుల్ మార్చే ముందు సర్వర్ చివరిసారి చాటింపు విన్నది తొమ్మిదికి కొద్ది నిమిషాల ముందు అనుకుందాం. ఆ మాట అక్కడి నుంచి అరగంట చెల్లుతుంది. కేబుల్ మార్చాక రూటర్ అడ్రస్ మారలేదు, సందేశాలు 3వ పోర్టు గుండా హాయిగా పోతున్నాయి, పట్టికలో దారి ఇంకా ఉంది. ఆ సమయంలో ఇంటి నుంచి ప్రయత్నించి చూస్తే సర్వర్ తెరుచుకుంది. టెక్నీషియన్ తృప్తిగా వెళ్లిపోయాడు. పట్టికలో మాత్రం `expires` అంకె తగ్గుతూనే ఉంది. మామూలుగా ప్రతి కొద్ది నిమిషాలకూ మళ్లీ 1800కి ఎగబాకాల్సిన అంకె, ఈసారి కొత్త చాటింపు అందక సున్నాకి జారింది. వరుస చెరిగిపోయింది.

మరమ్మతుకి మూడు మార్గాలు ఉన్నాయి, అందులో రెండు తప్పుదారి పట్టిస్తాయి. ఒకటి, సర్వర్ మీద చేత్తో దారి రాసేయడం:

```
# ip -6 route add default via fe80::1 dev eth0
```

రాసిన క్షణంలో ఆడిటర్ గారికి సర్వర్ తెరుచుకుంది. రోగం ఇదేనని నిర్ధారించుకోవడానికి ఇది మంచి పరీక్ష. అలాగే వదిలేస్తే మిగతా ఇరవై రెండు కంప్యూటర్లు దారి లేకుండానే ఉంటాయి. రేపు రూటర్ మార్చి, కొత్తదాని లోకల్ అడ్రస్ వేరైతే, సర్వర్ లేని రూటర్‌ని వెతుకుతూ కూర్చుంటుంది. పరీక్ష అయ్యాక ఆ వరుసని చెరిపేశాం. రెండోది, ఆర్ఏ గార్డ్‌ని మొత్తంగా తీసేయడం. చాటింపు వెంటనే వినపడుతుంది, దానితో పాటు దొంగ చాటింపులకీ తలుపులు తెరుచుకుంటాయి. మూడోదే సరైనది. స్విచ్ సెట్టింగుల్లో 3వ పోర్టుని రూటర్ పోర్టుగా రాసి, ఇక రూటర్ లేని 24వ పోర్టుని మామూలు పోర్టుల వరుసలో కలిపాం. మళ్లీ `rdisc6` ఇస్తే ఈసారి రూటర్ పలికింది. దారుల పట్టికలో `default` వరుస తిరిగి వచ్చింది. ఎనిమిదిన్నరకల్లా ఆడిటర్ గారు పనిలో పడ్డారు.

ఇలాంటి లక్షణాలతోనే వచ్చే మరో రెండు కారణాలు తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే అక్కడ స్విచ్‌ని ఎంత వెతికినా ఏమీ దొరకదు.

మొదటిది, చాటింపు వినపడుతుంది కానీ అందులోనే "నన్ను నమ్ముకోవద్దు" అని ఉంటుంది. రూటర్ తన ఆయుష్షుని సున్నాగా చాటితే, దానికి అర్థం తను బయటికి తీసుకెళ్లలేనని. ఇంటి రూటర్లకు ఇంటర్నెట్ కంపెనీ వైపు నుంచి ఐపీవీ6 తెగిపోయినప్పుడు ఇలా చాటడమే నియమం. `rdisc6` జవాబులో `Router lifetime` ఎదురుగా సున్నా కనిపిస్తే ఇంట్లో ఏ పరికరాన్నీ తప్పు పట్టకుండా కంపెనీకే ఫోన్ చేయాలి.

రెండోది, చాటింపు సర్వర్ గడప దాకా వచ్చినా సర్వర్ చెవిన పెట్టుకోదు. లినక్స్ సర్వర్ మీద వీపీఎన్ పెట్టినా, కంటైనర్లు నడిపినా, ఇతరుల సందేశాల్ని ముందుకు పంపే ఫార్వర్డింగ్ పని దానికి అప్పగించాల్సి రావచ్చు. ఫార్వర్డింగ్ ఆన్ కాగానే లినక్స్ తనని తాను రూటర్‌గా భావించి, వేరే రూటర్ల చాటింపుని మామూలు సెట్టింగులో పట్టించుకోదు. ఇక్కడ `tcpdump` లో 134వ రకం సందేశాలు నిక్షేపంగా కనిపిస్తాయి, పట్టికలో దారి మాత్రం ఉండదు. సందేశం చేరి కూడా దారి పుట్టలేదంటే చూడాల్సింది ఇదే:

```
# sysctl -w net.ipv6.conf.eth0.accept_ra=2
```

ఇక్కడ 1 అంటే ఫార్వర్డింగ్ లేనప్పుడే విను అని, 2 అంటే ఫార్వర్డింగ్ ఉన్నా విను అని. నెట్‌వర్క్‌ని వేరే ప్రోగ్రాం ఏదైనా నడుపుతుంటే దాని సెట్టింగులు కూడా చూసుకోవాలి.

ఆ సాయంత్రం టెక్నీషియన్ కుర్రాడే నాకు ఫోన్ చేశాడు. "నేను వెళ్లేటప్పుడు బాగానే ఉంది సార్" అన్నాడు నొచ్చుకుంటూ. నిజమే తమ్ముడూ, నువ్వు చూసింది పాత మాట, దాని గడువు ఇంకా తీరలేదు అని చెప్పాను. స్విచ్‌లో ఏ కేబుల్ కదిపినా, సర్దడం అయ్యాక ఒక కంప్యూటర్ కేబుల్ పీకి మళ్లీ పెట్టి చూడమన్నాను. అలా చేస్తే అది కొత్తగా చేరినట్టు రూటర్‌ని మళ్లీ అడుగుతుంది, జవాబు రాకపోతే ఆ నిమిషంలోనే బయటపడుతుంది. అది వీలు కాకపోతే `ip -6 route` లో `expires` అంకె మీద కన్నేసి పది నిమిషాలు ఆగాలి. అది తగ్గి మళ్లీ పైకి ఎగబాకితే రూటర్ మాట అందుతున్నట్టు. తగ్గుతూనే పోతుంటే, అందరూ బాగానే ఉందంటున్నా సరే, ఆఫీసు వదిలి వెళ్లకూడదు.